పచ్చడి మూకుడులో తేలే ఎర్రనూనె

టమాటా పచ్చడికి ముక్కలు మగ్గేటప్పుడు పొయ్యి దగ్గర నిలబడితే ఒక చిన్న సంగతి కంటబడుతుంది. మొదట ముక్కలు నీరు వదులుతాయి. ఆ నీటిమీద నూనె లేత పసుపు రంగులోనే చుక్కలు చుక్కలుగా తేలుతుంటుంది. నీరు ఇగిరి, ముక్క చితికి, గుజ్జు దగ్గరపడే సమయానికి మూకుడు అంచులవెంట నూనె విడిగా తేలడం మొదలవుతుంది. అప్పుడది పసుపుగా ఉండదు, నారింజ కలిసిన ఎరుపులోకి తిరిగి ఉంటుంది. వంట చేసేవాళ్లకు అది పచ్చడి దించే గుర్తు. పోషకాహారం చదువుకున్నవాళ్లకు ఇంకో గుర్తు కూడా: టమాటాలోని లైకోపీన్ కాయను వదిలి నూనెలోకి చేరిందని అర్థం. పరీక్షగా చూడాలనుకుంటే కారం, ఎండుమిర్చి వేయకముందే చూడాలి. మిరపకాయ ఎరుపు కూడా నూనెలో కరిగేదే కాబట్టి, అది పడ్డాక ఏ రంగు ఎవరిదో చెప్పలేం.

టమాటా ఎర్రగా ఉండడానికి కారణం లైకోపీన్. క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్‌కు ఇది దగ్గరి చుట్టమే కానీ, ఒంట్లోకి వెళ్లాక విటమిన్ ఎ గా మారదు. మారడానికి అణువు చివర ఉంగరంలాంటి అమరిక ఉండాలి, లైకోపీన్‌కు అది లేదు. రెండు చివరలూ తెరుచుకున్న పొడుగాటి గొలుసు అది. నీటిలో బొత్తిగా కరగదు, కొవ్వులో కరుగుతుంది. బాగా పండిన ఎర్ర టమాటాలు వంద గ్రాములు తీసుకుంటే అందులో సుమారు రెండున్నర నుంచి మూడు మిల్లీగ్రాముల లైకోపీన్ ఉంటుంది. రకాన్నిబట్టి, పండిన తీరునుబట్టి ఇది బాగా మారుతుంది. గుజ్జులోకన్నా తొక్కలో ఎక్కువ ఉంటుంది.

కాయ దోరగా తిరిగి ఎర్రబడే రోజుల్లోనే ఇది తయారవుతుంది. వేడి ముప్పై, ముప్పై రెండు డిగ్రీలు దాటితే ఆ తయారీ మందగిస్తుంది. బీటా కెరోటిన్ తయారీ మాత్రం సాగుతూనే ఉంటుంది. నడివేసవిలో మైదాన ప్రాంతాల్లో కాసిన టమాటా మెత్తబడినా ఎర్రబడకుండా, నారింజ రంగులోనో, తొడిమ దగ్గర పసుపుపచ్చగానో ఉండిపోయేది అందుకే. సముద్రమట్టానికి ఏడు వందల మీటర్ల ఎత్తున, కాస్త చల్లగా ఉండే మదనపల్లె చుట్టుపక్కల పంటకు వేసవిలో గిరాకీ ఉండడంలో ఈ వాతావరణం పాత్ర ఉంది. ఇక్కడ మనం చేయగలిగిందల్లా దోరకాయలను కొన్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టకపోవడమే. మరీ చలిలో కూడా కాయ ఎర్రబడదు. గదిలో గంపలో ఉంచి, ఎర్రబడ్డాక కావాలంటే లోపల పెట్టుకోవచ్చు.

అసలు చిక్కు కాయలో లైకోపీన్ ఎంత ఉందన్నది కాదు, అందులో మనకు అందేదెంత అన్నది. పచ్చి టమాటాలో లైకోపీన్ కరిగి లేదు, సన్నని సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకొని ఉంది. కాయ పచ్చిగా ఉన్నప్పుడు ఆకుపచ్చ రంగును మోసిన అరలే పండేటప్పుడు రూపం మార్చుకుని ఈ స్ఫటికాలకు ఇళ్లవుతాయి. ఆ అరకు ఒక పొర, దాని చుట్టూ కణానికి ఒక పొర, ఆపైన పెక్టిన్, పీచులతో కట్టిన కణపు గోడ. మన జీర్ణరసాలు ఈ పీచును కరిగించలేవు. పచ్చిముక్క నమిలి మింగితే పళ్ల కింద నలిగిన కణాల్లోది మాత్రమే కొంత బయటపడుతుంది. నలగని కణాలు తమ సరుకుతో సహా పేగుల్లోంచి అలాగే సాగిపోతాయి. బయటపడినది కూడా స్ఫటికంగానే ఉంటే పేగు గోడ దాన్ని పీల్చుకోలేదు.

దీన్ని మనుషుల రక్తంలో కొలిచి చూపినవాళ్లు జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన విల్‌హెల్మ్ స్టాల్, హెల్ముట్ సీస్. 1992లో వాళ్లు ప్రచురించిన ప్రయోగం చాలా సాదాసీదాగా ఉంటుంది. టమాటా రసాన్ని కొందరికి మామూలుగా ఇచ్చారు. అదే రసంలో నూటికి ఒక వంతు మొక్కజొన్న నూనె కలిపి, గంటసేపు మరిగించి మళ్లీ ఇచ్చారు. మామూలు రసం తాగినప్పుడు రక్తంలో లైకోపీన్ పెరిగిన దాఖలా కనిపించలేదు. మరిగించిన రసం తాగాక పెరిగింది. అదీ వెంటనే కాదు, ఒకటి రెండు రోజులకు పతాకస్థాయికి చేరింది.

అయితే ఆ ప్రయోగంలో వేడీ, నూనే రెండూ కలిసి ఉన్నాయి. ఘనత ఏది ఎంత అన్నది తేలలేదు. 1997లో అదే బృందం రెండింటినీ విడదీసింది. ఈసారి ఒకవైపు పచ్చి టమాటాలు, మరోవైపు టమాటా పేస్టు. రెండింటిలోనూ లైకోపీన్ సమానంగా, 23 మిల్లీగ్రాములు ఉండేలా తూచారు. రెండింటితోనూ 15 గ్రాముల మొక్కజొన్న నూనె ఇచ్చారు. అంటే కొవ్వు విషయంలో పచ్చి టమాటాకు ఏ అన్యాయమూ జరగలేదు. అయినా పేస్టు తిన్నాక రక్తంలో చేరిన అత్యధిక మోతాదు పచ్చివి తిన్నప్పటికన్నా రెండున్నర రెట్లు వచ్చింది. తిన్న తర్వాత గంటలపాటు రక్తంలో ప్రవహించిన మొత్తం లెక్కిస్తే తేడా దాదాపు నాలుగు రెట్లకు దగ్గరగా ఉంది. పాల్గొన్నవాళ్లు కొద్దిమందే కాబట్టి ఈ రెట్లను అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. కానీ ఆ తర్వాత వేరేచోట్ల చేసిన ప్రయోగాలు చూపిన దిశ కూడా ఇదే. పచ్చిదానికి నూనె తోడైనా ఉడికినదానితో సాటి రాలేదు.

వేడి చేసే మొదటి పని గోడలు కూల్చడం. పెక్టిన్ మెత్తబడి కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, లోపలి పొరలు చిట్లుతాయి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో రుయ్ హై లియు బృందం 2002లో టమాటాలను 88 డిగ్రీల దగ్గర వేడిచేసి, బయటకు తీయగలిగిన లైకోపీన్ ఎంతో కొలిచింది. రెండు నిమిషాలకే సగం పైగా పెరిగింది. పదిహేను నిమిషాలకు రెండున్నర రెట్లు దాటింది. ముప్పై నిమిషాలకు ఇంకా పెరగలేదు సరికదా, ఒక్క పిసరు తగ్గింది. ఈ అంకెలనే పట్టుకుని ‘ఉడికిస్తే లైకోపీన్ తయారవుతుంది’ అని రాసేవాళ్లు ఉన్నారు. అది పొరపాటు. పొయ్యిమీద కొత్తగా ఏదీ పుట్టదు, గోడల మధ్య చిక్కుకున్నది చేతికందేలా అవుతుంది, అంతే. ఇంకో పొరపాటు కూడా జరుగుతుంది. వంద గ్రాముల టమాటా పేస్టులో పాతిక మిల్లీగ్రాములకు పైగా లైకోపీన్ ఉందని చదివి అది వేడి మహిమ అనుకుంటాం. అందులో ఎక్కువ భాగం నీరు ఇగిరిపోవడం వల్ల వచ్చిన చిక్కదనమే.

వేడి చేసే రెండో పని కొంచెం సూక్ష్మమైనది. పచ్చి ఎర్ర టమాటాలో ఉన్న లైకోపీన్‌లో నూటికి తొంభై పాళ్లకు పైగా నిటారు గొలుసులే. మన రక్తంలో మాత్రం సగం, అంతకన్నా ఎక్కువే, వంగిన గొలుసులు కనిపిస్తాయి. అణువు అదే, అందులో ఉన్నవీ అవే. ఒకటి రెండు చోట్ల మడత పడిందంతే. నిటారుగా ఉన్న కట్టెలు మోపులో ఎంత బిగుతుగా ఇముడుతాయో నిటారు లైకోపీన్ స్ఫటికంలో అంత బిగుతుగా పేరుకుంటుంది. వంకర కట్టెలు మోపుకు లొంగవు. కాబట్టి వంగిన లైకోపీన్ విడివిడిగా ఉంటుంది, కొవ్వులో సులువుగా కరుగుతుంది, పేగు దాన్ని మరింత బాగా అందుకుంటుంది. వేడి ఈ మడతలు తెస్తుంది. అయితే స్ఫటికంగా ఉన్నంతసేపు గొలుసు వంగడానికి చోటుండదు. ముందు నూనెలో కరిగితే వంగడం తేలికవుతుంది. నీళ్లలో ఊరికే ఉడికించినదానికీ, నూనెలో మగ్గించినదానికీ తేడా ఇక్కడ మొదలవుతుంది.

మడత ఎంత తేడా తెస్తుందో చూపడానికి ప్రకృతే ఒక నమూనా ఇచ్చింది. పాశ్చాత్య దేశాల్లో ‘టాంజరీన్’ అనే నారింజ రంగు టమాటా రకం ఒకటుంది. పుట్టుకతోనే అందులో లైకోపీన్ వంగి ఉంటుంది. 2015లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ కాయల రసాన్నీ, ఎర్ర టమాటా రసాన్నీ పోల్చితే, నారింజ కాయల లైకోపీన్ ఎనిమిదిన్నర రెట్లు ఎక్కువగా ఒంటికి పట్టింది. మన సంతల్లో వేసవిలో దొరికే నారింజ కాయలు ఈ రకం అనుకోకూడదు. అవి ఎండకు సరిగ్గా ఎర్రబడని మామూలు కాయలు.

ఇక కొవ్వు సంగతి. గోడ దాటి, స్ఫటికం వీడిన లైకోపీన్ ఇప్పుడు చిన్నపేగు చేరిందనుకుందాం. అక్కడంతా నీళ్లే. నీళ్లలో కరగని పదార్థం నీళ్లు దాటి పేగు గోడను చేరాలంటే ఎవరో మోసుకుపోవాలి. భోజనంలో కొవ్వు ఉంటే పిత్తాశయం ముడుచుకుని పిత్తరసం వదులుతుంది. ఆ రసంలోని లవణాలు, జీర్ణమవుతున్న కొవ్వు ముక్కలు కలిసి కంటికి కనపడనంత చిన్న గోళీలు కడతాయి. వాటి పైభాగం నీటితో కలుస్తుంది, కడుపులో కొవ్వుకు చోటుంటుంది. లైకోపీన్ ఆ చోట కూర్చుని పేగు గోడదాకా వెళుతుంది. గోడ లోపల మళ్లీ కొవ్వు రేణువుల్లోకి ఎక్కి, శోషరసం దారిన రక్తంలో కలుస్తుంది. కొవ్వు లేని భోజనంలో పిత్తం సరిగ్గా రాదు, గోళీలు చాలినన్ని కట్టవు. ఎంత ఉడికినా లైకోపీన్‌కు బండి దొరకదు.

దీన్ని ఆస్ట్రేలియాలోని డీకిన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2005లో చక్కగా చూపించారు. అక్కడ టమాటాలు అందరికీ ఉడికించే పెట్టారు, కాకపోతే కొందరికి ఆలివ్ నూనెతో, కొందరికి అది లేకుండా. అయిదు రోజులు తిన్నాక, నూనెతో తిన్నవాళ్ల రక్తంలో నిటారు లైకోపీన్ 82 శాతం, వంగినది 40 శాతం పెరిగాయి. నూనె లేకుండా తిన్నవాళ్లలో నిటారు రకం చెప్పుకోదగ్గట్టుగా కదల్లేదు, వంగినది మాత్రం 15 శాతం పెరిగింది. బండి కరువైనప్పుడు కూడా వంగినదే కాస్త ముందుకు వెళ్లగలిగిందన్నమాట. పచ్చి కూరగాయల మీద ఇలాంటి పరీక్షే అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో అంతకు ముందు ఏడాది జరిగింది. చిన్న టమాటాలు, క్యారెట్, ఆకుకూరలు కలిపిన సలాడ్‌ను కొవ్వు అసలు లేకుండా, 6 గ్రాములతో, 28 గ్రాములతో మూడు రకాలుగా పెట్టారు. కొవ్వు లేనప్పుడు ఈ రంగు పదార్థాలు దాదాపుగా ఒంటికి పట్టలేదు. ఆరు గ్రాములతో పట్టాయి, ఇరవై ఎనిమిదితో ఇంకా బాగా పట్టాయి. బరువు తగ్గాలని నూనె చుక్క తగలకుండా టమాటా, కీర ముక్కలతో రాత్రి భోజనం కానిచ్చేవాళ్లు ఈ ప్రయోగం గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు ఈ లెక్కను మన మూకుడులోకి తెద్దాం. నలుగురున్న ఇంట్లో అరకిలో బాగా పండిన టమాటాలతో పచ్చడి చేశారనుకుందాం. లైకోపీన్ మొత్తం పన్నెండు నుంచి పదిహేను మిల్లీగ్రాములు. ముక్కలు వేయించడానికీ, పోపుకూ కలిపి రెండు పెద్ద చెంచాల నూనె, అంటే ఇరవై అయిదు గ్రాముల పైచిలుకు. తలా ఒకరికి మూడు మిల్లీగ్రాములకు పైగా లైకోపీన్, ఆరేడు గ్రాముల నూనె. అయోవా వాళ్లు తక్కువ కొవ్వు సలాడ్‌లో వాడినంత. దానికోసం పచ్చడి నూనెలో ఓలలాడనక్కర్లేదు. తొక్క తీయకుండా వండుతాం కాబట్టి అందులోని ఎక్కువపాలు కూడా మూకుడులోనే ఉంది. వేగిన ముక్కలను రోట్లో నూరినా, మిక్సీలో వేసినా మిగిలిన గోడలు కూడా నలుగుతాయి. వేడి ఒక్కటే చేయలేని పని ఇది.

నీరున్నంతసేపు మూకుడులో వేడి నూరు డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది, ఆ వేడికి లైకోపీన్ తట్టుకుంటుంది. నీరు పూర్తిగా ఇగిరాక నూనె వేడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. పచ్చడి అడుగంటడం, ఎరుపు పోయి ముదురు గోధుమ రంగు రావడం, మాడు వాసన అప్పుడే మొదలవుతాయి. గోధుమ రంగు చక్కెరలు మాడినందువల్ల కూడా వస్తుంది కానీ, ఆ వేడిలో లైకోపీన్ కూడా విరిగిపోతుంటుంది. నూనె ఎర్రగా తేలినప్పుడే దించడం రుచికీ మంచిదే, దీనికీ మంచిదే. పోపులో వెల్లుల్లి దంచి వేసే అలవాటుంటే ఇంకాస్త కలిసొస్తుంది. ఉల్లి, వెల్లుల్లిలో ఉండే గంధక పదార్థాలు వేడిలో లైకోపీన్ గొలుసు వంగడానికి సాయపడతాయని జపాన్ పరిశోధకులు చూపించారు.

చారు సంగతి అడిగేవాళ్లుంటారు. పిసికిన టమాటాలను మరిగిస్తాం, పోపులో నూనె చెంచాకు మించదు, పైగా నలుగురికి పంచుతాం. చారు ఒక్కదాన్నే లెక్కవేస్తే కొవ్వు చాలదు. అయితే పేగుకు వంటకాల హద్దులు తెలియవు. అదే విస్తట్లో పప్పన్నంలో వేసుకున్న నెయ్యి, వేపుడులోని నూనె, కొబ్బరి పచ్చడిలోని కొవ్వు అన్నీ అక్కడ కలిసే ఉంటాయి. కొవ్వు అదే కూరలో ఉండనక్కర్లేదు, అదే పూట ఉంటే చాలు. పొద్దున టమాటా చారు, రాత్రి నెయ్యి అంటే మాత్రం పని జరగదు.

ఎండబెట్టి పెట్టే నిల్వ పచ్చడిలో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. ఉప్పులో ఊరి, ఎండి, తర్వాత నూనెలో నానుతుంది కాబట్టి గోడలు బాగానే దెబ్బతింటాయి, కొవ్వుకు కొదవ లేదు. కానీ లైకోపీన్‌కు వేడికన్నా వెలుతురూ గాలీ పెద్ద శత్రువులు. ఎండలో రోజుల తరబడి పరిచిన ముక్కల్లో కొంత పోక తప్పదు. ఈ గుణం ఇంట్లోనే చూడవచ్చు. టమాటా కూర పెట్టిన ప్లాస్టిక్ డబ్బాకు పట్టిన నారింజ మరక ఎంత తోమినా వదలదు. నూనెతోపాటు లైకోపీన్ ప్లాస్టిక్‌లోకి ఇంకింది కాబట్టి నీళ్లకు లొంగదు. ఆ డబ్బాను తెరిచి రెండు రోజులు ఎండలో బోర్లించకుండా పెడితే మరక చాలావరకు వెలిసిపోతుంది.

ఇంతా చేసి ఒంటికి పట్టేది ఎంత? ఎక్కువ తిన్నకొద్దీ ఎక్కువ అందుతుందనుకోవద్దు. పది నుంచి నూటఇరవై మిల్లీగ్రాముల దాకా రకరకాల మోతాదులు ఇచ్చి చూసిన ఒక అమెరికన్ అధ్యయనంలో, మోతాదు ఎంతైనా అయిదుగురిలో నలుగురు ఆరు మిల్లీగ్రాములకన్నా తక్కువే పీల్చుకున్నారు. పిత్తరసం కట్టే గోళీలకూ, పేగు గోడ తలుపులకూ ఒక పరిమితి ఉంటుంది. అధిక మోతాదు గొట్టాల్లో డబ్బు పోసే ముందు ఈ సంగతి తెలిసి ఉండడం నయం. అలాగని అతి చేస్తే ఏమీ కాదని కాదు. రోజూ రెండు లీటర్ల టమాటా రసం ఏళ్లతరబడి తాగిన అరవై ఒక్క ఏళ్ల మహిళ చర్మం నారింజ రంగుకు తిరిగిన ఉదంతం 1960లో వైద్య పత్రికకెక్కింది.

జబ్బుల విషయంలో ఆచితూచి మాట్లాడాలి. 1995లో హార్వర్డ్‌కు చెందిన ఎడ్వర్డ్ జియోవనూచి బృందం నలభై ఏడు వేలమందికి పైగా మగవాళ్ల ఆహారాన్ని పరిశీలించి, టమాటా సాస్ లాంటివి తరచూ తినేవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ తక్కువగా కనిపించిందని చెప్పింది. గమనించాల్సిందేమిటంటే, నూనె లేని టమాటా రసానికి ఆ సంబంధం కనిపించలేదు. కానీ అది పక్కపక్కన కనిపించిన పొత్తు మాత్రమే. ఒకటి మరొకదాన్ని ఆపిందన్న రుజువు కాదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2005లో సాక్ష్యాలన్నీ తిరగేసి, టమాటాల విషయంలో ఆధారం చాలా పరిమితమనీ, విడిగా తీసిన లైకోపీన్ మాత్రల విషయంలో నమ్మదగిన ఆధారమే లేదనీ తేల్చింది.

పచ్చి టమాటాను ఇందుకోసం వెలివేయనక్కర్లేదు. కార్నెల్ ప్రయోగంలో లైకోపీన్ చేతికందుతున్న కొద్దీ విటమిన్ సి తగ్గుతూ వచ్చింది, అరగంటకు నూటికి ఇరవై తొమ్మిది వంతులు పోయింది. దానికి పచ్చిముక్కే మేలు. లైకోపీన్‌ను పచ్చిగానే తినాలనిపిస్తే ఎర్ర గుజ్జు బొప్పాయి, పుచ్చకాయ ఉన్నాయి. బొప్పాయిలో అది టమాటాలోలాగా పెద్ద స్ఫటికాలుగా పేరుకోదు, అందుకే ఉడికించకుండానే ఎక్కువగా ఒంటికి పడుతుంది. పుచ్చకాయ రసాన్ని వేడి తగలనీయకుండా ఇచ్చి, వేడిచేసిన టమాటా రసంతో పోల్చిన 2003 నాటి అమెరికా వ్యవసాయ శాఖ ప్రయోగంలో రెండూ దాదాపు సమానంగానే రక్తంలో చేరాయి. కాకపోతే పళ్లకూ కొవ్వు నియమం తప్పదు. పుచ్చకాయ ముక్కలను సాయంత్రం ఉత్తగా తినేకన్నా, మధ్యాహ్నం భోజనం ముగిసిన వెంటనే తింటే నెయ్యన్నం తెచ్చిన పిత్తరసం అప్పటికే పేగులో సిద్ధంగా ఉంటుంది.